రొయ్యల ఫ్యాక్టరీ గోడ ఫొటో చూసి జాగ్రత్త బోర్డులను అరబిక్‌లోకి మార్చడం ఎలా

భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో ఫ్రీజింగ్ పని నేర్చుకుని, గల్ఫ్‌లో చేపల ఫ్యాక్టరీలు నిలబెట్టడానికి వెళ్ళేవాళ్ళు మన డెల్టాలో ఉన్నారు. అక్కడ మిషన్లు బిగించడం అయ్యాక బోర్డుల సంగతి వస్తుంది. ఇక్కడి ప్లాంటు గోడ ఫొటో ఒకటి వాట్సాప్‌లో తెప్పించుకుని, "ఇవే అరబిక్‌లో చేయించి పంపండి" అంటారు. ఆ పని మీ చేతికి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగి అడగాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీకు అరబిక్ వచ్చినా, అరబిక్ తెలిసినవాళ్ళ చేత రాయించుకుని మీరు బోర్డు తయారుచేయించినా ఈ దారే పనికొస్తుంది.

ఒకే గోడను ఉదాహరణగా పెట్టుకుందాం. అది అమ్మోనియా కంప్రెసర్ రూము బయటి గోడ. బోర్డులు వెళ్ళేది ఒమన్‌కి. అక్కడ చదివేది ఈజిప్టు, సూడాన్, యెమెన్ నుంచి వచ్చిన వర్కర్లు, కొందరు ఒమనీలు. ఫ్యాక్టరీ మొత్తంలో ఈ గోడనే ఎందుకు ఎంచుకున్నానంటే, మిగతా చోట్ల బోర్డు తప్పుగా ఉంటే పని చెడుతుంది. ఇక్కడ తప్పుగా ఉంటే మనిషి ఊపిరి పోతుంది.

ముందు ఫొటో సరిగ్గా తెప్పించుకోండి

వచ్చిన మొదటి ఫొటోతో పని మొదలుపెట్టకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి. గోడ మొత్తం కనపడేలా దూరం నుంచి ఒకటి, ఒక్కో బోర్డుకీ ఎదురుగా నిలబడి ఒక్కోటి కావాలి. రొయ్యల ప్లాంటు గోడలు ఎప్పుడూ తడిగా ఉంటాయి కాబట్టి ఫ్లాష్ వేస్తే బోర్డు మధ్యలో తెల్లటి మచ్చ పడి, సరిగ్గా అక్కడున్న మాటే పోతుంది. ఫ్లాష్ ఆపి తీయమనండి.

దూరం నుంచి తీసిన ఫొటోని చాలామంది పట్టించుకోరు. నాకు మాత్రం అదే ముఖ్యం. తలుపు బోర్డుకి ఏ పక్కన ఉందో, కళ్ళు కడుక్కునే కుళాయి ఎక్కడుందో, గాలి ఎటు వీస్తోందో చూపించే గాలి సంచీ కనపడుతుందో లేదో అందులోనే తెలుస్తుంది. బాణం గుర్తు విషయంలో ఈ సమాచారం లేకుండా ఒక్క అడుగు కూడా వేయలేం. కొత్త ఫ్యాక్టరీలో తలుపు ఇటు కాక అటు ఉండొచ్చు కాబట్టి, ఒమన్ గోడ ఫొటో కూడా అడిగి తెప్పించుకోండి. గోడ ఇంకా కట్టకపోతే ప్లాను కాగితమైనా సరే.

గుర్తులకు నంబర్లు వేసి పట్టిక రాయండి

ఫొటో మీద ఒక్కో బోర్డుకీ నంబరు వేసి, పక్కన పట్టిక గీయండి. అందులో గుర్తు ఆకారం, రంగు, తెలుగులో ఉన్నది ఉన్నట్టుగా, దాని అసలు ఉద్దేశం, అరబిక్ వాక్యం, ఆ అరబిక్‌ని వేరే మనిషి తిరిగి తెలుగులో చెప్పినది, ఇన్నీ వరుసగా రావాలి. 'అసలు ఉద్దేశం' అనే గడి ఖాళీగా ఉన్నంతవరకూ అరబిక్ గడి జోలికి వెళ్ళకండి.

మన గోడ మీద పుర్రె, ఎముకలున్న పసుపు త్రికోణం ఉంది, కింద "అమ్మోనియా – విషవాయువు" అని రాశారు. దాని పక్కన ముఖానికి మాస్కు పెట్టుకున్న మనిషితో నీలం వృత్తం, కింద "మాస్క్ తప్పనిసరి". అగ్గిపుల్ల మీద అడ్డగీత గీసిన ఎర్ర వృత్తం ఒకటి. పరిగెడుతున్న మనిషి, బాణం ఉన్న ఆకుపచ్చ బోర్డు ఒకటి. కళ్ళు కడుక్కునే చోటు చూపించే ఆకుపచ్చ చదరం ఒకటి. ఇవన్నీ కాక, లీకైతే ఏం చెయ్యాలో ఆరు వరుసల్లో రాసిన పెద్ద బోర్డు.

బొమ్మ గుర్తుల్ని మీరు మళ్ళీ గీయకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7010లో ప్రతి గుర్తుకీ ఒక నంబరు ఉంది. ఆ నంబరు కొట్టి సరైన బొమ్మ తెచ్చుకోండి. మన గోడ మీదివి ఇవి:

```
W016  విష పదార్థం
M017  శ్వాస రక్షణ ధరించాలి
P003  మంట, నిప్పు, పొగ తాగడం నిషేధం
E001  అత్యవసర ద్వారం, ఎడమవైపు
E002  అత్యవసర ద్వారం, కుడివైపు
E011  కళ్ళు కడుక్కునే చోటు
```

మన ఊళ్ళల్లో ఫ్లెక్సులు వేసేవాళ్ళు ఎక్కడో దొరికిన బొమ్మ అతికించడం మామూలే. నోటికి గుడ్డ మాస్కు కట్టుకున్న నర్సు బొమ్మను కంప్రెసర్ రూము తలుపు మీద పెట్టేస్తారు. ఫొటోలో అలాంటిది కనపడితే పట్టికలో రాసి, దాని స్థానంలో ప్రమాణంలో ఉన్న గుర్తు పెట్టమని పార్టీకి చెప్పండి. తప్పు బొమ్మ కింద ఎంత మంచి అరబిక్ రాసినా, చదువు అంతగా రాని వర్కరు బొమ్మనే నమ్ముతాడు.

ఇక సిలిండర్ల మీద, డ్రమ్ముల మీద ఎర్ర అంచుతో ఉండే వజ్రం ఆకారపు గుర్తులు వేరే పద్ధతికి చెందినవి. వాటి కింది వాక్యాలను సొంతంగా అనువదించకండి. రసాయనాల లేబుళ్ళకి ఐక్యరాజ్యసమితి తెచ్చిన జీహెచ్ఎస్ పద్ధతి పుస్తకం అరబిక్‌లోనూ ఉంది. అమ్మోనియా లేబుల్ మీద `H331`, `H314` లాంటి కోడ్‌లు చూసుకుని, అందులోని వాక్యాన్ని అక్షరం మార్చకుండా ఎత్తి రాయాలి.

అడగాల్సినవి అడగండి

తెలుగు బోర్డు రాసినవాళ్ళు ఆ ప్లాంటులోనే పనిచేస్తారు, చదివేవాళ్ళకీ అక్కడి సంగతులన్నీ తెలుసు. అందుకే మన బోర్డుల్లో సగం మాటలు మింగేసి ఉంటాయి. మన ఆరు వరుసల బోర్డు ఇలా ఉంది:

"అమ్మోనియా లీకైతే: 1. సైరన్ కొట్టండి. 2. మాస్కు లేకుండా లోపలికి వెళ్ళవద్దు. 3. కింగ్ వాల్వు కట్టేయండి. 4. గాలివాటు చూసుకుని బయటికి వెళ్ళండి. 5. కళ్ళలో పడితే నీళ్ళతో కడగండి. 6. 108కి ఫోన్ చేయండి."

చూడ్డానికి తేలిగ్గా ఉంది కదా. వరుసగా అడుగుతూ పోతే నాలుగు చోట్ల ఆగాల్సి వస్తుంది.

మొదటిది మాస్కు. రొయ్యలు ఒలిచే హాల్లో ఆడవాళ్ళు కట్టుకునేదీ మాస్కే, కంప్రెసర్ రూములో పెట్టుకునేదీ మాస్కే. మనకి రెండింటికీ ఒకటే మాట. అరబిక్‌లో గుడ్డ మాస్కుని, ఆసుపత్రి మాస్కుని 'కమామా' అంటారు. విషవాయువుకి పెట్టుకునేది 'కినా', పూర్తిగా చెప్పాలంటే వాయువుల నుంచి కాపాడే కినా. ఇక్కడ 'కమామా' అని రాస్తే, చదివినవాడు జేబులోంచి గుడ్డ మాస్కు తీసి కట్టుకుని లోపలికి వెళ్తాడు. అమ్మోనియాకి అది అడ్డే కాదు. ప్లాంటులో వాడే మాస్కు ఏదో అడిగి ఫొటో తెప్పించుకోండి. యూరప్ ప్రమాణం ప్రకారం అమ్మోనియాకి పనిచేసే ఫిల్టరు 'కె' రకం, దాని మీద ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. ప్లాంటులో ఉన్నది అదే అయితే, బోర్డు మీద చిన్న ఆకుపచ్చ పట్టీ బొమ్మ వేయించినా ఎంతో మేలు.

రెండోది కింగ్ వాల్వు. ఇది ఫ్రీజింగ్ పనివాళ్ళ మాట. ద్రవ అమ్మోనియా నిలవ ఉండే ట్యాంకుని రిసీవర్ అంటారు, అందులోంచి ద్రవం బయటికి వెళ్ళే పైపు మీద ఉండే ప్రధాన వాల్వు ఇది. దీన్ని పట్టుకుని 'రాజు వాల్వు' అని అరబిక్‌లో రాస్తే ఎవరికీ అర్థం కాదు. 'ద్రవం వెళ్ళే ప్రధాన వాల్వు' అని రాయాలి. దీనికంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది, దాన్ని ఎవరు కట్టాలి? ఇక్కడి ఆపరేటరుని అడిగితే జవాబు వెంటనే వచ్చేస్తుంది.

"ఏమండీ, ఈ వాల్వు ఎవరైనా కట్టేయొచ్చా అండీ?"

"అబ్బే, మేమేనండి. ఆపరేటర్లం. లోడింగోళ్ళు దాని దగ్గరికే రాకూడదండి."

తెలుగు బోర్డులో ఈ ముక్క లేదు. అయినా అందరికీ తెలుసు. ఒమన్‌లో మొన్ననే పనిలో చేరిన వర్కరుకి తెలియదు. "కట్టేయండి" అన్నది చదివి, ధైర్యవంతుడెవరో మాస్కు లేకుండా వాల్వు వైపు పరిగెడతాడు. అందుకని అరబిక్ బోర్డులో 'శిక్షణ పొందిన ఆపరేటరు మాత్రమే' అని చేర్చాలి. అయితే ఇలా చేర్చిన ప్రతి మాటా పార్టీ చేత ఒప్పించుకుని రాయండి. మీ అంతట మీరు చేర్చేయకండి.

మూడోది గాలివాటు. "గాలివాటు చూసుకుని" అంటే గాలితో పాటు వెళ్ళాలా, గాలికి ఎదురు వెళ్ళాలా? లీకైన వాయువు గాలితో పాటే వస్తుంది కాబట్టి గాలితో పాటు పరిగెత్తితే దాంతోనే పరిగెత్తినట్టు. పైగా అమ్మోనియా గాలికంటే తేలికైనదే అయినా, ద్రవంగా లీకైనప్పుడు చల్లటి పొగమంచులా నేలబారున పాకుతుంది. పైకి పోతుంది కదా అని ఊరుకోవడానికి లేదు. కాబట్టి ముందు పొగ దారిలోంచి పక్కకి తప్పుకుని, తర్వాత గాలికి ఎదురుగా వెళ్ళాలి. ఈ మాట మీరు తేల్చకూడదు. ప్లాంటు సేఫ్టీ ఆఫీసరు రాతపూర్వకంగా చెప్పాలి. బయటికి వెళ్ళి ఎక్కడ గుమిగూడాలో కూడా ఆయన్నే అడగండి. తెలుగు బోర్డులో ఆ చోటే లేదు.

నాలుగోది నంబరు. 108 మన అంబులెన్సు, ఒమన్‌లో అత్యవసర నంబరు 9999. ఇదే బోర్డు కువైట్‌కి వెళ్తే 112 అవుతుంది. ఇంత చిన్న సంగతి కూడా ఫొటో చూసి రాసుకుంటూ పోయేటప్పుడు జారిపోతుంది. ఎందుకంటే అంకెల్ని అనువదించాలని ఎవరికీ తట్టదు.

కళ్ళలో పడితే ఎంతసేపు కడగాలన్నది కూడా మన బోర్డులో లేదు. కనీసం 15 నిమిషాలు అన్నది అమ్మోనియాకి సాధారణంగా చెప్పే లెక్క. సరఫరాదారు ఇచ్చిన సేఫ్టీ డేటా షీటులో చూసి నిర్ధారించుకుని రాయండి.

రంగుని బట్టి వాక్యం

ఇక అరబిక్. గుర్తు రంగే వాక్యం ఎలా ఉండాలో చెప్పేస్తుంది. ఎర్ర వృత్తం అంటే నిషేధం, దాని కింద వాక్యం 'మమ్నూ' అనే మాటతో మొదలవ్వాలి. నీలం వృత్తం అంటే తప్పనిసరి, వాక్యం 'యజిబ్'తో మొదలవుతుంది. పసుపు త్రికోణం అంటే ప్రమాద సూచన, దాని కింద 'ఖతర్' గానీ 'తహ్జీర్' గానీ వస్తుంది. ఈ రెండూ ఒకటి కావు. రసాయనాల లేబుళ్ళ మీద 'ఖతర్' పెద్ద ప్రమాదానికి, 'తహ్జీర్' దానికంటే తక్కువ తీవ్రత ఉన్నదానికి వాడతారు. అమ్మోనియాకి 'ఖతర్' రావాలి. ఆకుపచ్చ బోర్డుకి వాక్యమే అక్కర్లేదు, చోటు పేరు చాలు.

'మమ్నూ', 'యజిబ్' తర్వాత క్రియ నామవాచకంలా వస్తుంది. తెలుగులో "పొగ తాగడం నిషేధం" అంటామే, అదే కట్టు. దీంతో ఇంకో మేలు కూడా ఉంది. అరబిక్‌లో 'వేసుకో' అని ఆజ్ఞ రూపంలో రాస్తే మగవాడికి ఒకటి, ఆడమనిషికి ఒకటి, పదిమందికి ఇంకోటి. రొయ్యల ప్లాంటులో ఆడవాళ్ళూ ఉంటారు. 'ధరించడం తప్పనిసరి' అని రాస్తే అందరికీ సరిపోతుంది.

మన గోడ మీది ఐదు గుర్తులకి వాక్యాలు ఇవి, పై వరుస నుంచి: అమ్మోనియా విషవాయువు, వాయువు మాస్కు తప్పనిసరి, పొగ తాగడం, మంట నిషేధం, అత్యవసర ద్వారం, కళ్ళు కడుక్కునే చోటు.

```
خطر: أمونيا (نشادر)، غاز سام
يجب ارتداء قناع واقٍ من الغازات
ممنوع التدخين واللهب المكشوف
مخرج الطوارئ
محطة غسل العيون
```

అమ్మోనియాకి రెండు పేర్లు పెట్టడం కావాలనే. 'అమ్మోనియా' ఫ్యాక్టరీ మాట, 'నుషాదిర్' ఇంట్లో వినే మాట. ఏది తెలిసినవాడైనా పట్టుకుంటాడు. బోర్డు భాష మాత్రం పుస్తకాల అరబిక్‌లోనే ఉండాలి. ఈజిప్టు మాటలో రాస్తే యెమెన్ వాడికి తికమక, యెమెన్ మాటలో రాస్తే ఈజిప్టు వాడికి తికమక. ఒక్కచోట మాత్రం స్థానిక మాటకి చోటివ్వాలని నా అభిప్రాయం. వాల్వుని పుస్తకాల్లో 'సమ్మామ్' అంటారు, గల్ఫ్‌లో పనివాళ్ళు 'బల్ఫ్' అంటారు, ఈజిప్టులో 'మహ్‌బస్' అంటారు. ఆపరేటరు చదివే వరుస కాబట్టి 'సమ్మామ్' రాసి పక్కన కుండలీకరణంలో 'బల్ఫ్' పెట్టొచ్చు.

ఆరు వరుసల బోర్డు చివరికి ఇలా తయారవుతుంది:

```
عند تسرب الأمونيا
١. شغّل جهاز الإنذار.
٢. ممنوع الدخول بدون قناع واقٍ من الغازات.
٣. إغلاق صمام (بلف) السائل الرئيسي: للمشغّل المدرَّب فقط.
٤. ابتعد عن مسار الغاز، ثم اخرج عكس اتجاه الريح إلى نقطة التجمع.
٥. إذا لامست الأمونيا العينين: اغسلهما بالماء ١٥ دقيقة على الأقل.
٦. اتصل بالطوارئ: 9999
```

రెండో వరుస చూడండి. "లోపలికి వెళ్ళవద్దు" అన్నదాన్ని 'లా తద్‌ఖుల్' అని కూడా రాయొచ్చు, వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు. కానీ అందులో 'వద్దు' అనే భారమంతా 'లా' అనే ఒక్క చిన్న ముక్క మీదే ఉంది. ఉప్పు తేమకి స్టిక్కరు అంచు ఊడి ఆ ముక్క పోతే, మిగిలేది మాస్కు లేకుండా 'వెళ్తావు' అనే మాట. 'మమ్నూ' పెద్ద మాట, వరుస మొదట్లోనే ఉంటుంది. సగం చెరిగినా నిషేధం అని తెలుస్తుంది. మూడోది తప్ప మిగతా వరుసల్లో మాత్రం పొట్టిగా, వెంటనే చేసే పనులు కాబట్టి ఆజ్ఞ రూపమే ఉంచాను.

ఏది తిప్పాలి, ఏది తిప్పకూడదు

అరబిక్ కుడి నుంచి ఎడమకి నడుస్తుందని అందరికీ తెలుసు. ఆ తెలిసిన దానితోనే ఎక్కువ చిక్కు వస్తుంది. డిజైన్ చేసే కుర్రాడు బోర్డు మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేసి, దాని మీద అరబిక్ పెడతాడు. అప్పుడు ఎడమ చేతి తలుపు చూపించే బాణం కుడికి తిరిగి గోడని చూపిస్తుంది.

బాణం భాషని బట్టి ఉండదు, తలుపుని బట్టి ఉంటుంది. ఒమన్ గోడలో తలుపు ఎడమ పక్కన ఉంటే `E001`, కుడి పక్కన ఉంటే `E002`. ఇక్కడి ఫొటోలో ఏముందన్నది అసలు లెక్కే కాదు. దూరపు ఫొటో, ప్లాను అడగమన్నది ఇందుకే.

వాల్వు బొమ్మ ఇంకా ప్రమాదం. కట్టేయడానికి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పమని గుండ్రటి బాణం ఉంటుంది. బొమ్మని అద్దంలో తిప్పితే బాణం తెరిచే వైపుకి మారుతుంది. లీకు ఆపబోయిన ఆపరేటరు దాన్ని పెంచుతాడు. వాల్వు ఉన్న ఏ బొమ్మనీ తిప్పనివ్వకండి.

వరుస బొమ్మల విషయంలో మాత్రం తిప్పాలి. మాస్కు ఎలా పెట్టుకోవాలో మూడు బొమ్మల్లో చూపించే స్టిక్కరు ఒకటి తలుపు పక్కన ఉంటుంది. మొదట ఫిల్టరు బిగించడం, తర్వాత పట్టీలు బిగించడం, చివర అరచేత్తో ఫిల్టరు మూసి గాలి పీల్చి చూడడం. మనం ఎడమ నుంచి చూస్తాం. అరబిక్ చదివేవాళ్ళ కళ్ళు కుడి నుంచి మొదలవుతాయి, కాబట్టి చివరి బొమ్మ వాళ్ళకి మొదటిది అవుతుంది. మూడు బొమ్మల వరుస మార్చండి, మొదటిది కుడి చివరకి రావాలి. ఒక్కో బొమ్మ లోపల మాత్రం ఏమీ మార్చకండి. మూలల్లో ١, ٢, ٣ అనే అరబిక్ అంకెలు పెద్దగా వేయించండి, అప్పుడు సందేహమే ఉండదు.

అంకెలు

ఈజిప్టు, సూడాన్, యెమెన్, గల్ఫ్ దేశాల వాళ్ళు ఈ అంకెలు చదువుతారు:

```
٠ ١ ٢ ٣ ٤ ٥ ٦ ٧ ٨ ٩
0 1 2 3 4 5 6 7 8 9
```

ఇక్కడ మన కళ్ళు మోసపోతాయి. వాళ్ళ ఐదు మనకి సున్నాలా కనపడుతుంది, వాళ్ళ సున్నా ఒట్టి చుక్క. ప్రింటు చేసేవాళ్ళు '15 నిమిషాలు' అన్నచోట 10 ఉందనుకుని 'సరిచేసే' ప్రమాదం ఉంది. పై పట్టికను ఒక కాగితం మీద వేసి వాళ్ళ టేబుల్ మీద అతికించండి. మొరాకో, ట్యునీషియా లాంటి దేశాల వర్కర్లు ఉంటే వాళ్ళు మనలాగే 0 నుంచి 9 వాడతారు, అది ముందే అడగాలి.

మీటరు మీద, గేజి మీద ఉన్న అంకెతో పోల్చి చూడాల్సినవి మాత్రం గేజి మీద ఎలా ఉంటే అలాగే వేయండి. ఫోన్ నంబరు కూడా కీప్యాడ్ మీద ఎలా ఉంటే అలా. పై బోర్డులో 15ని ఒకలా, 9999ని ఒకలా వేయడానికి కారణం ఇదే.

కోల్డ్ స్టోరేజి తలుపు మీద ఉండే −18 ఇంకో చిక్కు తెస్తుంది. అరబిక్ అక్షరాల పక్కన టైపు చేస్తే మైనస్ గుర్తు అంకెకి కుడివైపుకి వెళ్ళిపోతుంది. కనపడని `U+200E` అనే గుర్తు పెట్టి ఆపొచ్చు, కానీ ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి వెళ్ళేటప్పుడు అది ఊడిపోవచ్చు. మైనస్ మానేసి 'సున్నాకి కింద 18 డిగ్రీలు' అని మాటల్లో రాస్తే ఎప్పటికీ చెదరదు:

```
١٨ درجة مئوية تحت الصفر
```

టైపు, ఫైలు, ప్రింటు

మన దగ్గర అరబిక్ టైపు చేసేవాళ్ళు దొరక్క, ఉర్దూ డీటీపీ చేసేవాళ్ళకి ఇస్తుంటారు. లిపి ఒకేలా ఉంటుంది, పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఉర్దూ కీబోర్డులో 'కాఫ్', 'యా', 'హా' అక్షరాలు వేరే కోడ్‌తో వస్తాయి, కొన్నిచోట్ల వేరే ఆకారంతో కనపడతాయి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అంకెల ఆకారాలూ మారొచ్చు. అరబిక్ కీబోర్డుతోనే టైపు చేయించండి. అక్షరరూపానికి నోటో నస్ఖ్ లేదా నోటో కూఫీ ఉచితంగా దొరుకుతాయి. దూరం నుంచి చదవాల్సిన బోర్డుకి కూఫీ బాగుంటుంది.

అరబిక్ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి. పాత పేజీమేకర్, పాత కోరల్‌లో అతికిస్తే విడిపోయి, వరుస కూడా తలకిందులవుతుంది. అరబిక్ రాకపోయినా ఇది కనిపెట్టొచ్చు. ఈ రెండూ చూడండి, పైది సరైనది, కిందది విడిపోయినది:

```
مخرج
م خ ر ج
```

పైదానిలో మొదటి మూడు అక్షరాలు ఒకే గీతగా కలిసి ఉన్నాయి. మాట వెడల్పుగా కనపడాలని అక్షరాల మధ్య ఖాళీ పెంచితే కూడా ఇలాగే విడిపోతుంది, అందుకని ఆ పని చేయనివ్వకండి. దాన్ని తప్పించుకోవడానికి ఒకటే దారి. ఇంక్‌స్కేప్‌లో వాక్యం పెట్టి, `Path > Object to Path` నొక్కి, అక్షరాల్ని గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. అప్పుడు ఫ్లెక్సు షాపులో ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా చెదరదు. మార్చకముందు ఉన్న ఫైలు కూడా దాచుకోండి, ఎందుకంటే గీతలుగా మారాక అక్షరం దిద్దలేరు.

ప్రింటు నమూనా చేతికి వచ్చాక చుక్కలు లెక్కపెట్టండి. అరబిక్‌లో చుక్క అలంకారం కాదు. 'హార్' అంటే వేడి. ఆ మొదటి అక్షరం పొట్టలో ఒక్క చుక్క పడితే 'జార్' అవుతుంది, అంటే పొరుగువాడు. ప్లేటు మీద ఇంకు మరక పడినా, చిన్న అక్షరాల్లో చుక్క మూసుకుపోయినా మాట మారిపోతుంది. మీ స్క్రీన్ మీది వాక్యం, నమూనా మీది వాక్యం పక్కపక్కన పెట్టి, ఒక్కో మాటలో పైన ఎన్ని చుక్కలు, కింద ఎన్ని చుక్కలు అని సరిచూడండి. అరబిక్ రానివాళ్ళు కూడా చేయగల తనిఖీ ఇది. చుక్కలకి, కిందికి దిగే తోకలకి చోటు కావాలి కాబట్టి తెలుగు బోర్డులో లాగా వరుసలు కిక్కిరిసి ఉండకూడదు.

గుర్తు సైజుకి తేలికైన లెక్క ఒకటుంది. మంచి వెలుతురులో పది మీటర్ల నుంచి కనపడాలంటే గుర్తు ఎత్తు కనీసం పది సెంటీమీటర్లు ఉండాలి. కంప్రెసర్ రూము బయట వెలుతురు తక్కువ, పైగా ఆవిరి. నేనైతే రెట్టింపు వేయిస్తాను.

చదివించి చూడండి

కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళొచ్చినవాళ్ళకి అరబిక్ మాట్లాడడం బాగా వస్తుంది గానీ, చదవడం రానివాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకి వాక్యం గట్టిగా చదివి వినిపించి, అర్థమవుతోందా అని చూడొచ్చు, రాత సరిచూడమని ఇవ్వకూడదు. మదర్సాలో చదువుకున్నవాళ్ళు అక్షరాలు పట్టుకోగలరు, ఫ్యాక్టరీ మాటలు వాళ్ళకి కొత్త కావచ్చు. కాబట్టి రాత సరిచూడడానికి ఒకరు, అర్థం సరిచూడడానికి ఒకరు, ఇద్దరు వేరు మనుషులు కావాలి. అర్థం చూసేవాళ్ళకి తెలుగు బోర్డు చూపించకండి. అరబిక్ మాత్రమే ఇచ్చి తెలుగులో చెప్పమనండి, అది పట్టికలో చివరి గడిలో రాయండి.

చివరి పరీక్ష ఒమన్‌లోనే జరగాలి. నమూనాని అక్కడి సూపర్‌వైజరుకి పంపి, వీడియో కాల్‌లో ఒక్కో వర్కరుకీ విడివిడిగా చూపించమనండి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ అయిందనే అంటారు. "ఇప్పుడు ఘాటు వాసన వచ్చింది, నువ్వేం చేస్తావు? ఎటు వెళ్తావు? ఏ మాస్కు తీస్తావు? వాల్వు ముట్టుకుంటావా?" అని అడగాలి. మాస్కు అనగానే చేత్తో చూపించమనండి. అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ జెడ్535.3 ప్రకారం ఒక గుర్తు పనికొస్తుందనాలంటే 85 శాతం మంది సరిగ్గా చెప్పాలి, ఉద్దేశానికి వ్యతిరేకంగా అర్థం చేసుకున్నవాళ్ళు 5 శాతం మించకూడదు. పదిమంది వర్కర్లున్న చోట శాతాలు లెక్కేయడం కుదరదు. ఒక్కరు వ్యతిరేకంగా చెప్పినా ఆ వరుస మార్చి రాయండి. ఎక్కువగా తడబడేది నాలుగో వరుస దగ్గరే, గాలి విషయంలో. అక్కడ మాటలు పెంచే బదులు గాలి సంచీ బొమ్మ, దానికి ఎదురు దిశలో పరిగెత్తే మనిషి బొమ్మ చేర్చడం మంచిది. ఫ్యాక్టరీలో గాలి సంచీ లేకపోతే, బోర్డు కంటే ముందు అది పెట్టించమని చెప్పండి.

బోర్డులు బిగించాక గోడ ఫొటో మళ్ళీ తెప్పించుకోండి, ఈసారి కూడా డాక్యుమెంటుగానే. తలుపు ఎటు ఉందో, బాణం అటే ఉందా, కళ్ళు కడుక్కునే బోర్డు నిజంగా కుళాయి పైనే ఉందా, ఎవరైనా బోర్డుని తలకిందులుగా బిగించారా, ఇవి చూడండి. అరబిక్ చదవలేని మేస్త్రీలు బిగిస్తే చివరిది జరిగే అవకాశం ఉంది. అందుకే ప్రతి బోర్డు వెనక, పై అంచున, 'ఇటు పైకి' అని బాణంతో తెలుగులో, హిందీలో రాసి పంపండి.